“ఎవరికీ ఏమీ కాదని చెప్పండి” అంటున్నారు మా యజమాని

ప్రశ్న: మిర్యాలగూడ దగ్గర బియ్యం మిల్లులకు ప్లాస్టిక్ సంచులు తయారు చేసే ఫ్యాక్టరీలో నేను మేనేజరుని. మొత్తం నూట ఇరవై మంది ఉన్నాం. మా యజమానికి జడ్చర్లలో మరో యూనిట్ ఉంది. ఇక్కడి ప్రింటింగ్, కుట్టు విభాగాలను అక్టోబరు 31 లోపు అక్కడికి మార్చాలని నిర్ణయించారు. ఆ రెండు విభాగాల్లో 46 మంది పనిచేస్తున్నారు. వాళ్లలో 31 మంది కంపెనీవాళ్లు, మిగతావాళ్లు కాంట్రాక్టరు మనుషులు. జడ్చర్లలో ఎంతమందిని తీసుకుంటారో ఇంకా తేలలేదు. బ్యాంకు అప్పు వస్తే లూములు కూడా వెళ్లవచ్చు. ఇక్కడి స్థలం అమ్మే మాట కూడా ఒకటి నడుస్తోంది. అది నాకొక్కడికే తెలుసు, బయటకు రావద్దన్నారు. పంట సీజన్‌లో మనుషులు వెళ్లిపోతారని దసరా బోనస్ ఇచ్చేదాకా ఎవరికీ చెప్పవద్దంటున్నారు. ఈలోపు ఎవరైనా అడిగితే “ఎవరికీ ఏమీ కాదు” అని చెప్పమంటున్నారు. టీ కొట్టు దగ్గర అప్పుడే అడుగుతున్నారు: “సార్, మిషన్లు తీసేస్తున్నారట కదా?” వాళ్లలో సగం మందిని పనిలో పెట్టుకున్నది నేనే. ఏం చెప్పాలి? ఎంతవరకు చెప్పాలి?

సమాధానం: ముందుగా మీ యజమాని లెక్కనే చూద్దాం. అది తప్పినట్టు తేలితే మిగతా వాదన సగం అక్కరలేకుండా పోతుంది. దసరా అయ్యాక చెప్పి నెలాఖరుకు మిషన్లు తరలించాలన్నది ఆయన ఆలోచన. దసరా అక్టోబరు రెండో వారం దాటి పడితే, ఆ గడువుకు మిగిలేది కొద్ది రోజులే. 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, మనుషుల సంఖ్య తగ్గేలా ఉన్న మార్పులకు, షిఫ్టులు ఎత్తివేయడం లాంటి వాటికి కార్మికులకు ముందుగా నోటీసు ఇవ్వాలి. నోటీసు ఇచ్చిన 21 రోజుల లోపు ఆ మార్పు అమలు చేయకూడదు. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ ఇదే నియమం ఉండేది కాబట్టి కొత్తగా వచ్చిన తలనొప్పి అని కూడా అనలేం. అంటే అక్టోబరు 31న తరలించాలంటే అక్టోబరు 9 లోపే నోటీసు వాళ్ల చేతికి అందాలి. ఉద్యోగం నుంచి తీసివేయడమే జరిగితే, ఏడాదికి పైగా పనిచేసిన వాళ్లకు దానికి వేరుగా నెల నోటీసు గానీ, ఆ నెల వేతనం గానీ ఇవ్వాలి. మీ ఫ్యాక్టరీలో మూడు వందల మంది లేరు కాబట్టి ప్రభుత్వం ముందస్తు అనుమతి తీసుకోవలసిన బాధ్యత లేదు. ఆ వెసులుబాటు వేరు, ఎవరికీ చెప్పకుండా చేయవచ్చన్నది వేరు.

కాబట్టి ఆయనతో మాట్లాడేటప్పుడు నిజాయితీ గురించి ఉపన్యాసం ఇవ్వకండి. “సార్, దసరా తర్వాత చెబితే మన తేదీ మనకే దక్కదు” అనండి. యజమానులు తేదీల భాష బాగా వింటారు. ఒక లేబర్ లాయరుతో అరగంట కూర్చుని నోటీసు ఏ రూపంలో ఉండాలో, ఎవరెవరికి ప్రతులు వెళ్లాలో రాయించుకోండి. ఆ ఖర్చు చిన్నది.

మీ ముందున్న దారులు మూడు. అడిగిన వాళ్లకు “ఎవరికీ ఏమీ కాదు” అనడం మొదటిది. ఇది కొన్ని వారాలు పని చేస్తుంది. ఆ తర్వాత జరిగేది మాత్రం నేను ఒకటికి రెండు ఫ్యాక్టరీల్లో చూశాను. మీ మాట నమ్మి ఒకాయన బండి లోను తీసుకుంటాడు, మరొకాయన ఇల్లు మారతాడు, ఇంకొకాయన హాలియాలో వచ్చిన పని వదులుకుంటాడు. అక్టోబరులో నిజం తెలిసినప్పుడు వాళ్ల కోపం మిషన్ల మీద ఉండదు, ఆ మాట చెప్పిన మనిషి మీద ఉంటుంది. ఇక్కడ మిగిలే డెబ్బై నాలుగు మందిని ఆ తర్వాత కూడా నడిపించాల్సింది మీరే. “లూములు ఉంటాయి” అని మీరు నిజంగానే చెప్పగలిగిన రోజున కూడా ఎవరూ నమ్మరు.

రెండో దారి, తెలిసినదీ విన్నదీ అంతా చెప్పేయడం. మీ మనసు తేలికవుతుంది. కానీ బ్యాంకు అప్పు, స్థలం అమ్మకం లాంటివి ఇంకా తేలని విషయాలు. వాటిని చెబితే అవి తేలినట్టే వినిపిస్తాయి. “లూములు వెళ్లవచ్చు” అని మీరు ఉదయం అంటే సాయంత్రానికి “లూములు వెళ్తున్నాయి” అవుతుంది. పైగా స్థలం సంగతి మీకు నమ్మకం మీద చెప్పారు. దాన్ని బయటపెడితే మీ ఉద్యోగం మీద పడుతుంది, రేపు కార్మికుల తరఫున మాట్లాడటానికి యజమాని గదిలో మీ కుర్చీ కూడా ఉండదు.

మూడో దారి ఖాయమైనది ఖాయమని, తేలనిది తేలలేదని, మళ్లీ ఎప్పుడు చెబుతామో తేదీతో చెప్పడం. వినడానికి తేలికగా ఉంటుంది, చేయడం కష్టం. నేను దీని వైపే మొగ్గుతాను. దీనివల్ల కూడా కొందరు వెళ్లిపోతారు, ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఒక కాగితం తీసుకుని మూడు గళ్లు గీయండి. మొదటి గడిలో ఖాయమైనవి మాత్రమే రాయాలి. ఖాయం అంటే, రేపు మారితే యజమాని స్వయంగా వచ్చి మార్చామని చెప్పడానికి ఒప్పుకున్నది. “దాదాపు ఖాయం” అన్నవి రెండో గడిలోకి వెళ్తాయి. మీ ఉత్తరాన్ని బట్టి మొదటి గడిలో నిలబడేది ఒక్కటే: ప్రింటింగ్, కుట్టు పని అక్టోబరు 31 తర్వాత మిర్యాలగూడలో ఉండదు.

రెండో గడిలో తేలనివి. ఎక్కువ మంది ఇక్కడే బోల్తా పడతారు. “ఇంకా ఆలోచిస్తున్నాం” అని రాసి వదిలేస్తారు. వినేవాడికి అది ముఖం చాటేయడం లాగే కనిపిస్తుంది. తేలని ప్రతి విషయం పక్కన ఇంకో మూడు సంగతులు ఉండాలి: దాన్ని ఎవరు తేల్చాలి, దేని మీద ఆధారపడి ఉంది, ఎప్పటికి తేలవచ్చు. జడ్చర్లలో ఎంతమందికి చోటు అన్నది అక్కడ ఎన్ని ప్రింటింగ్ మిషన్లు బిగిస్తారు, ఎన్ని షిఫ్టులు నడుపుతారు అన్నదాని మీద ఉంటుంది. అది తేల్చేది మీ యజమాని, ఏ తేదీకో ఆయన్నే అడగండి. లూముల సంగతి బ్యాంకు చేతిలో ఉంది. అప్పు మంజూరయ్యే తేదీని మీరు హామీగా చెప్పకూడదు, ఎందుకంటే అది మీ చేతిలో లేదు. మీరు హామీ ఇవ్వగలిగింది, ఫలానా రోజున మళ్లీ ఇక్కడే నిలబడి, తేలితే ఏమి తేలిందో, తేలకపోతే తేలలేదని చెబుతాను అన్నది మాత్రమే. ఫలితం తేదీ, మాట్లాడే తేదీ ఒకటి కావు. రెండోది మీ చేతిలో ఉంది కాబట్టి దాన్నే ఇవ్వండి.

మూడో గడిని ఎవరూ గీయరు. తెలుసు కానీ చెప్పలేనివి అందులో ఉంటాయి. స్థలం సంగతి దానికి చెందుతుంది. దాన్ని “తేలలేదు” గడిలోకి నెట్టి, “అలాంటిదేమీ లేదు” అనడమే మీరు చేయగల పెద్ద తప్పు. “సార్, స్థలం అమ్ముతున్నారట” అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. “స్థలం, యజమాన్యం, వీటి గురించి నేను మాట్లాడను. అవునని గానీ, కాదని గానీ అనను. మీ పని మీద ప్రభావం చూపే నిర్ణయం ఏదైనా జరిగితే అమలయ్యే ముందే చెబుతాను” అనండి. కొందరు దాన్నిబట్టి ఊహించుకుంటారు, నిజమే. అందుకే ఒక జాగ్రత్త అవసరం. ఏమీ లేని సందర్భంలో కూడా ఇలాంటి ప్రశ్నకు ఇదే సమాధానం ఇవ్వాలి. ఈ వారం “లేదు” అని, వచ్చే నెల “మాట్లాడను” అంటే ఆ రెండో మాటే వార్త అయి కూర్చుంటుంది. ఈ జవాబు ఇవ్వబోతున్నానని యజమానికి కూడా ముందే చెప్పండి. ఆయనకు అది నచ్చకపోతే స్థలం సంగతి తానే చెప్పవచ్చు. అది ఆయన ఇష్టం. “లూములు ఎప్పటికీ ఇక్కడే” అన్న మాట మాత్రం మీ నోట రాకూడదు, ఎందుకంటే దానికి అడ్డొచ్చే సంగతి మీకు తెలుసు.

ఇక చెప్పే మాటలు. నేనైతే దాదాపు ఇలా రాస్తాను, తేదీలు మీరు మార్చుకోండి:

“ప్రింటింగ్, కుట్టు విభాగాలు అక్టోబరు 31 లోపు జడ్చర్లకు వెళ్తాయి. ఇది నిర్ణయమైపోయింది. ఆ తర్వాత ఆ పని ఇక్కడ ఉండదు. ఆర్డర్లను రెండు చోట్ల ముద్రించడం వల్ల ఖర్చు పెరుగుతోందని యజమాని ఈ నిర్ణయం తీసుకున్నారు. ఈ రెండు విభాగాల్లో ఉన్న మీలో కొందరికి జడ్చర్లలో పని ఉంటుంది, అందరికీ ఉండకపోవచ్చు. ఎంతమందికి అన్నది ఇంకా తేలలేదు. సెప్టెంబరు 12 లోపు యజమాని తేలుస్తారు. 15న మధ్యాహ్నం ఇక్కడే చెబుతాను. ఎవరిని ఎంచుకుంటారో దానికి పద్ధతి ఏమిటో పేర్లకంటే ముందే చెబుతాం. లూముల విభాగం గురించి ఏ నిర్ణయమూ జరగలేదు. వెళ్లవచ్చు, వెళ్లకపోవచ్చు. బ్యాంకు అప్పు మీద ఆధారపడి ఉంది. సెప్టెంబరు 30న ఏమి తెలిస్తే అది చెబుతాను, ఏమీ తెలియకపోతే అదే చెబుతాను.”

కారణం ఒక్క వాక్యంలో ఉండాలి, అదీ నిజమైన కారణం అయి ఉండాలి. నేను రాసిన కారణం నా ఊహ. మీది వేరైతే మీదే రాయండి. మన ఊళ్లలో ఇలాంటి మీటింగులు “మనమంతా ఒక కుటుంబం” అని మొదలవుతాయి. దయచేసి వద్దు. పద్దెనిమిదేళ్లుగా ఉన్నవాడిని పంపించే రోజున ఆ మాట వినడం అవమానంగా ఉంటుంది.

ఈ మాటలు చెప్పాక మొదట వచ్చే ప్రశ్న “నేను జడ్చర్లకు రాకపోతే ఏమవుతుంది?”. మిర్యాలగూడ నుంచి దేవరకొండ, కల్వకుర్తి మీదుగా జడ్చర్ల రోజూ వెళ్లి వచ్చే దూరం కాదు. పిల్లల బడి ఇక్కడ, ముసలి తల్లిదండ్రులు ఇక్కడ, కొందరికి రెండెకరాల పొలం సాగర్ కాలువ కింద. ఈ ప్రశ్నకు జవాబు మీటింగుకు ముందే యజమాని దగ్గర తీసుకోండి. వాళ్ల నియామక పత్రాల్లో బదిలీ షరతు ఉందా లేదా చూడండి. షరతు ఉంటే ఒక రకం, లేకపోతే మరో రకం. చాలామందికి అసలు నియామక పత్రాలే ఇవ్వలేదని తేలినా నేను ఆశ్చర్యపోను. షరతు ఏదైనా, రానివాళ్లను “తానే మానేశాడు” అని రాసి పంపించే ఆలోచన ఉంటే అది ఇప్పుడే తెలియాలి. అలా చేయరని యజమాని ఒప్పుకుంటే ఆ ఒప్పుకోలును కాగితం మీద పెట్టించండి. ఒప్పుకోకపోతే మీటింగులో “దాని జవాబు 15న చెబుతాను” అనండి, సొంతంగా హామీ ఇవ్వకండి.

రెండో ప్రశ్న డబ్బు. “నియమాల ప్రకారం వస్తాయి” అన్న జవాబు ఎవరి కడుపూ నింపదు. ఒక ఉదాహరణ వేసి చూపండి. బేసిక్, డీఏ కలిపి నెలకు 15,000 రూపాయలు తీసుకునే ఆపరేటరు తొమ్మిదేళ్లు పూర్తిచేశాడనుకుందాం. తీసివేతకు పరిహారం ప్రతి పూర్తయిన ఏడాదికి 15 రోజుల సగటు వేతనం, అంటే ఏడాదికి 7,500 చొప్పున 67,500. గ్రాట్యుటీ వేరు. నెల జీతాన్ని 26తో భాగించి, 15తో హెచ్చించి, తొమ్మిదితో గుణిస్తే సుమారు 77,900 వస్తుంది. నెల నోటీసు ఇవ్వకపోతే మరో 15,000. ఇవి కాక కొత్త కోడ్‌లోని నైపుణ్య నిధి కింద 15 రోజుల వేతనం ఉంటుంది. పీఎఫ్ ఎలాగూ అతనిదే. మొత్తం లక్షన్నర దాటుతుంది. చాలామంది ఊహించుకునేది దీనికి దగ్గరగా కూడా ఉండదు. లెక్క తెలిస్తే రాత్రి నిద్ర పట్టేవాళ్లు కొందరు ఉంటారు. ప్రతి మనిషికీ విడివిడిగా చీటీ ఇవ్వడం మంచిది, కానీ అకౌంట్స్ వాళ్ల చేత సరిచూయించాకే. తప్పు అంకె ఒకసారి బయటకు వస్తే వెనక్కి తీసుకోలేరు.

ఎంపిక పద్ధతి గురించి ఒక్క మాట. మామూలుగా ఒకే తరగతి పనిలో చివరగా చేరినవారిని ముందుగా తీసివేయాలి. దానికి భిన్నంగా చేస్తే కారణం రాతలో ఉండాలి. మీ ఊరివాళ్లు, మీరు పెట్టుకున్నవాళ్లు ఆ జాబితాలో ఉన్నారు కాబట్టి పద్ధతి మీ చేతిలో లేదని, కాగితం మీద ఉందని అందరికీ కనబడటం మీకే రక్షణ.

ఎవరికి ముందు చెప్పాలన్నది చాలామంది తేలికగా తీసుకుంటారు. మూడు షిఫ్టుల ఫ్యాక్టరీలో ఉదయం ఆరుకు వచ్చినవాళ్లకు చెప్పి, రాత్రి పదికి వచ్చేవాళ్లకు అప్పుడు చెప్పాలనుకుంటే, మధ్యలో గంటల కొద్దీ వాట్సాప్ గ్రూపులే మేనేజరు పని చేస్తాయి. మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు మారేటప్పుడు రెండు షిఫ్టులవాళ్లు ఎలాగూ ఉంటారు. రాత్రి షిఫ్టువాళ్లను ఆ గంటకు వేతనం ఇచ్చి పిలిపించండి. ఆ రోజు సెలవులో ఉన్నవాళ్లకు ఫోను చేయండి. దానికి ముందు ఒంటిగంటకు సూపర్‌వైజర్లకు చెప్పి అదే కాగితం చేతికివ్వండి. ఒంటిగంటన్నరకు ప్రింటింగ్, కుట్టు విభాగాల 46 మందికి విడిగా చెప్పండి. తమ సంగతి లూముల దగ్గరి మనుషుల నోట వినాల్సిన గతి వాళ్లకు పట్టకూడదు. బిహార్, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు ఉంటే హిందీలో మళ్లీ చెప్పించండి, తలలు ఊపారు కదా అని వదిలేయకండి.

కాంట్రాక్టరు మనుషుల పదిహేను మంది సంగతి మీ ఉత్తరంలో ఒక్క ముక్కలో వచ్చిపోయింది. చాలా ఫ్యాక్టరీల్లో ఇలాగే వచ్చిపోతుంది. వాళ్లకు వేతనం ఇచ్చేది కాంట్రాక్టరే అయినా, వాళ్లు కోల్పోయేది మీ షెడ్డులో పని. అదే మీటింగులో వాళ్లనూ కూర్చోబెట్టండి. మీ లెక్కలు కాంట్రాక్టరు ఇవ్వాలి, ఆయన్ని ఫలానా రోజున ఇక్కడికి రప్పిస్తాను అని చెప్పండి. ఆ తేదీని కూడా గోడ మీద రాయండి. మొత్తం చట్టపరమైన బాధ్యత మీ కంపెనీ మీద ఎంత పడుతుందో అదే లాయరును అడగండి.

మనుషులు వెళ్లిపోతారన్న భయం గురించి. వెళ్తారు, అందులో అబద్ధమేమీ లేదు. వానకాలం ధాన్యం వచ్చే నెలల్లో సంచుల ఆర్డర్లు పెరుగుతాయి, అప్పుడే ప్రింటింగ్ ఆపరేటరు మానేస్తే నష్టమే. దాన్ని మౌనంతో కొనలేం, డబ్బుతో కొనవచ్చు. అక్టోబరు 31 దాకా ఉన్నవాళ్లకు, పరిహారానికి వేరుగా, ఒక నెల వేతనమో ఎంతో కొంత అదనంగా ఇస్తామని రాతపూర్వకంగా చెప్పమనండి. జడ్చర్లకు వెళ్లేవాళ్లకు మొదటి నెల గది అద్దె, సామాను తరలింపు ఖర్చు అన్నా సరిపోతుంది. ఆ ఖర్చు ఇవ్వడానికి యజమాని ఇష్టపడకపోతే కొందరు ముందే వెళ్తారని ఒప్పుకోవాలి, ఆర్డర్లను దానికి తగ్గట్టు సర్దుకోవాలి. ఇవ్వలేని మొత్తాన్ని మాటగా మాత్రం చెప్పించకండి.

యజమాని ఏదీ ఒప్పుకోకపోతే? అప్పుడు మీరు గీయాల్సిన గీత ఒకటుంది. “నేను మౌనంగా ఉండగలను, అబద్ధం మాత్రం చెప్పలేను. ఎవరైనా అడిగితే ‘ఇప్పుడు దీని గురించి మాట్లాడే అధికారం నాకు లేదు, యజమాని ఫలానా రోజున చెబుతారు’ అంటాను” అని ఆయనకు ముందే తెలియజేయండి. దానికి ఆయన కోపగించుకోవచ్చు, వేరే మనిషి చేత చెప్పించవచ్చు. ఆ ఇబ్బంది ఎంతవరకు భరించగలరన్నది మీ ఇంటి పరిస్థితి తెలిసిన మీరే నిర్ణయించుకోవాలి.

చెప్పిన తేదీ వచ్చినప్పుడు చేతిలో ఏమీ లేకపోవచ్చు. 30వ తేదీకి బ్యాంకు ఉలకదు పలకదు, యజమాని హైదరాబాద్‌లో ఉంటారు. అప్పుడు మీటింగు రద్దు చేయాలని చెయ్యి లాగుతుంది. రద్దు చేయకండి. రెండింటికి అందరినీ పిలిచి, “బ్యాంకు నుంచి జవాబు రాలేదు. లూముల గురించి ఇంకా నిర్ణయం లేదు. మళ్లీ అక్టోబరు 9న చెబుతాను” అని ఐదు నిమిషాల్లో ముగించండి. మొదటి గడిలో రాసింది మారితే, ఉదాహరణకు తరలింపు నవంబరుకు జరిగితే, కొత్త తేదీ కంటే ముందు “నేను చెప్పింది మారింది” అన్న మాట చెప్పాలి. ప్రశ్నలు ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. జవాబు తెలియనివి అలాగే ఉంచి, తెలిసిన రోజున పక్కన తేదీ వేసి టీ కొట్టు దారిలో ఉండే నోటీసు బోర్డు మీద అంటించండి.